అమ్మమ్మ దీపం ఎంత దూరం కనిపిస్తుంది?

(ఎనిమిది నుంచి పన్నెండేళ్ల పిల్లల కోసం ఈ వారం ముఖచిత్ర కథ. చదవడం ఇప్పుడిప్పుడే పట్టుబడుతున్న వాళ్లకు ఇంట్లో పెద్దవాళ్లు చదివి వినిపించవచ్చు.)

పెద్దవాళ్లకు ముందుగా ఒక్క మాట. సాయంత్రం దీపం ఎందుకు పెడతారని పిల్లలు అడిగితే మన ఇళ్లలో సాధారణంగా వచ్చే జవాబు ‘లక్ష్మీదేవి వస్తుంది’ అని. ఆ నమ్మకం ఉన్న ఇంట్లో అది నిజమైన జవాబే. కానీ పిల్లలు అక్కడితో ఆగరు, ఇంకో ఎందుకు వేస్తారు. ఆ రెండో ఎందుకు దగ్గర మనం విసుక్కుంటాం. ఈ కథలో అమ్మమ్మ విసుక్కోలేదు. అందుకే ఈ కథ రాయాలనిపించింది.

ఇక పిల్లలూ, కథ మీది.

సంక్రాంతి సెలవులకి చిన్ని హైదరాబాద్ నుంచి అమ్మమ్మ ఊరు వచ్చింది. కృష్ణా జిల్లాలో అవనిగడ్డకు అవతల, కాలవ పక్కన ఉంటుంది ఆ ఊరు. అప్పటికి వరి కోతలైపోయాయి. పొలాల్లో మినుము జానెడెత్తు లేచింది. ఇంటి పెరట్లో నిలబడితే అడ్డం లేకుండా చాలా దూరం కనిపిస్తుంది. చిన్నిని మామయ్య తీసుకొచ్చాడు. చిన్ని వాళ్లమ్మ ఆసుపత్రిలో నర్సు. సెలవు దొరకలేదు కాబట్టి భోగి ముందురోజు రాత్రి బస్సెక్కి వస్తానంది.

సాయంత్రం ఐదూ ముప్పావు అయింది. అమ్మమ్మ ఇల్లు ఊడ్చి, చీపురు మూలన పెట్టి, కాళ్లు కడుక్కుని వచ్చింది. హాల్లో ట్యూబులైటు వెలుగుతూనే ఉంది. ఆ లైటు కిందే కూచుని అమ్మమ్మ నూనె గిన్నె, దూది, ప్రమిద ముందు పెట్టుకుంది.

‘‘అమ్మమ్మా, లైటుందిగా. మళ్లీ దీపం ఎందుకు?’’ అంది చిన్ని.

‘‘లక్ష్మీదేవి వచ్చే వేళే ఇది’’ అంది అమ్మమ్మ.

‘‘లక్ష్మీదేవికి ట్యూబులైటు కనపడదా?’’

వంటింట్లోంచి తాతయ్య నవ్వు వినపడింది. అమ్మమ్మ మాత్రం నవ్వలేదు. చిన్ని అడిగింది మంచి ప్రశ్నే అని ఆమెకు అనిపించింది.

‘‘ఇంకో సంగతి కూడా ఉంది. చెప్తాను. ముందు నువ్వు వత్తి చెయ్యడం నేర్చుకో.’’

‘‘ముందు చెప్పు.’’

‘‘దీపం వెలిగించడం తెలియకుండా వింటే నీకు సగమే తెలుస్తుందే. రా, ఇలా కూచో. ఆ జడ వెనక్కి వేసుకో. గౌను అంచు కాళ్ల కింద పెట్టుకో, నైలాను గుడ్డ నిప్పు తగిలితే కరిగి ఒంటికి అంటుకుపోతుంది.’’

మూడు వత్తులు

పెరట్లో ఒక పత్తి చెట్టు ఉంది. వత్తుల కోసమే అమ్మమ్మ దాన్ని పెంచుతోంది. ఆ పత్తి కాయల్లోంచి తీసిన దూది ముందు పెట్టింది. గింజలు తీసేయాలి. గింజ పక్కన అంటుకున్న చిన్న చిన్న తుక్కు కూడా వేళ్లతో ఏరేయాలి. తర్వాత దూదిని రెండు చేతులతో నెమ్మదిగా లాగి, పలచగా పరుచుకునేలా చెయ్యాలి. అప్పుడు నాలుగు వేళ్ల పొడుగు తీసుకుని, వేలికి కాస్త విభూది అద్దుకుని, అరచేతుల మధ్య నలపాలి. విభూది ఎందుకంటే, దూది చేతికి జారిపోకుండా పట్టు దొరుకుతుంది.

చిన్ని మొదటి వత్తిని బలంగా నలిపింది. అది కుట్టుదారంలా గట్టిగా అయింది. రెండోసారి భయపడి అసలు నలపలేదు. అది చూపుడు వేలంత లావుగా, వదులుగా వచ్చింది. అమ్మమ్మ తనదొకటి చేసింది. అగ్గిపుల్ల కంటే కొంచెం లావు, చేత్తో నొక్కితే మెత్తగా ఉంది.

‘‘నీ వత్తులు రెండూ పారేయకు. మూడూ వెలిగిద్దాం’’ అంది అమ్మమ్మ.

ప్రమిదలు మూడు తీశారు. మట్టి ప్రమిద కొత్తదైతే నూనె తాగేస్తుంది. అందుకని అమ్మమ్మ కొన్న వెంటనే వాటిని నీళ్లలో నానబెట్టి, తర్వాత బాగా ఎండలో పెడుతుంది. చిన్ని ఆ మాట పూర్తిగా వినకుండానే ఒక ప్రమిదను పంపు కింద కడిగి తెచ్చేసింది.

నువ్వుల నూనె పోశారు. మూడు వత్తులనూ నూనెలో ముంచి, కొసలు బయటికి తీసి, ఒక్కో కొసనూ వేలితో పిండి వెలిగించారు.

గట్టిగా నలిపిన వత్తి మినుకుమినుకుమంటూ చిన్నగా వెలిగింది. కాసేపటికి ఇంకా చిన్నదైపోయింది. ‘‘దూదిపోగుల మధ్య సందులుండాలి. ఆ సందుల్లోంచే నూనె పైకెక్కుతుంది. నువ్వు సందులు మూసేశావు’’ అంది అమ్మమ్మ.

లావు వత్తి ఇందుకు పూర్తిగా ఎదురు. మంట పొడుగ్గా లేచి అటూ ఇటూ ఊగింది. దాని కొసన నల్లటి పొగ వచ్చింది. సందులెక్కువ, బయటికి తీసిన కొస కూడా ఎక్కువ. అవసరానికి మించి నూనె ఎక్కుతోంది. అది పూర్తిగా కాలడానికి గాలి చాలడం లేదు. కాలకుండా మిగిలిందే పొగ.

అమ్మమ్మ వత్తి నిలకడగా వెలిగింది. కానీ అది పెట్టింది చిన్ని కడిగి తెచ్చిన ప్రమిదలో! ఐదు నిమిషాలకి చిట్... చిట్... మని చప్పుడు మొదలైంది. ఒక నూనె చుక్క చిందింది. చిన్ని వెనక్కి జరిగింది.

‘‘తడి’’ అంది అమ్మమ్మ. ‘‘నూనెతో పాటు నీటి చుక్క వత్తిలోకి ఎక్కింది. మంట దగ్గరికి రాగానే ఒక్కసారిగా ఆవిరై నూనెను చిమ్ముతుంది. దీపం చిటపటలాడితే ఎవరో తిట్టుకుంటున్నారని కొందరంటారు. నేను మాత్రం ప్రమిద తుడిచి మళ్లీ పెడతాను.’’

నూనె నిజంగా మండుతుందా?

మామయ్య హైస్కూల్లో సైన్సు చెప్తాడు. ఆయన వచ్చేసరికి మూడు దీపాల ముందు చిన్ని బోర్లా పడుకుని చూస్తోంది.

‘‘నూనె మండుతుందా చిన్నీ?’’ అన్నాడు మామయ్య.

‘‘మండుతోందిగా, కనపడట్లేదా?’’

ఆయన ఒక అగ్గిపుల్ల గీసి, వేరే గిన్నెలో ఉన్న రెండు చెంచాల నువ్వుల నూనెలో దాన్ని ముంచాడు. నూనె అంటుకోలేదు సరికదా, అగ్గిపుల్లే ఆరిపోయింది. (ఈ పని పెద్దవాళ్లే చెయ్యాలి. అదీ చల్లగా ఉన్న నూనెతోనే. పొయ్యి మీద కాగిన నూనెతో ఎప్పుడూ చెయ్యకూడదు, అది భగ్గుమంటుంది.)

చిన్ని లేచి కూచుంది. ‘‘మరి దీపం ఎలా వెలుగుతోంది?’’

‘‘చల్లటి నూనె మండదు. బాగా వేడెక్కి ఆవిరైతే ఆ ఆవిరి మండుతుంది. గిన్నెలో నూనె మొత్తాన్ని అంత వేడి చెయ్యడం ఒక అగ్గిపుల్ల వల్ల కాదు. వత్తి ఏం చేస్తుందంటే, ఒకేసారి కొంచెం నూనెను, ఒక చుక్కలో వందో వంతు అనుకో, పైకి తెచ్చి మంట పక్కన పెడుతుంది. ఆ కాస్త నూనె వేడెక్కి ఆవిరవుతుంది. ఆవిరి మండుతుంది. ఆ వేడికి తర్వాత వచ్చే నూనె ఆవిరవుతుంది. అలా సాగుతూ ఉంటుంది.’’

‘‘వత్తి కాలిపోదా?’’

‘‘నూనె వస్తున్నంతసేపూ పెద్దగా కాలదు. వచ్చే నూనె దాన్ని చల్లగా ఉంచుతుంది. నూనె అయిపోయినప్పుడు వత్తే కాలుతుంది. అప్పుడు గుడ్డ కాలిన వాసన వస్తుంది చూడు, అదే గుర్తు.’’

అమ్మమ్మ అందుకుంది. ‘‘ఆ వాసన రాకముందే తెలుస్తుంది. నూనె తగ్గేకొద్దీ వత్తి ఇంకా పొడుగు ఎక్కించాలి. అంత ఎత్తుకి సరిపడా ఎక్కించలేక మంట చిన్నబోతుంది. అప్పుడు ఒక చెంచా నూనె పోసి, పుల్లతో వత్తిని కాస్త ఎగదోస్తే మళ్లీ లేస్తుంది. కొసన నల్లగా గడ్డకట్టిన మసి ఉంటే దాన్ని కూడా దులపాలి.’’

తర్వాత మామయ్య స్టీలు పళ్లెం అడుగుభాగాన్ని మంట కొసకు తగిలీ తగలనట్టు పట్టాడు. క్షణంలో అక్కడ నల్లటి మచ్చ పడింది. చిన్ని వేలితో తాకితే వేలికి అంటింది.

‘‘కాటుక!’’

‘‘అవును, వెనక ఆముదం దీపం మీద ఇలాగే పట్టేవాళ్లం’’ అంది అమ్మమ్మ. ‘‘ఇప్పుడు పిల్లల కళ్లకి పెట్టొద్దంటున్నారు డాక్టర్లు. నేనూ మానేశాను.’’

‘‘దీపంలో నీకు పసుపుగా మెరుస్తూ కనపడేది ఈ మసే’’ అన్నాడు మామయ్య. ‘‘మంటలో సన్నటి మసి రేణువులు కాల్చిన ఇనుములా ఎర్రగా, పసుపుగా మెరుస్తాయి. పైకి వెళ్లేసరికి గాలి తగిలి పూర్తిగా కాలిపోతాయి. నేను పళ్లెం అడ్డం పెట్టాను కాబట్టి కాలకముందే దొరికిపోయాయి.’’

చిన్ని చాలాసేపు ఆ మంటను చూసింది. వత్తికి ఆనుకుని లోపల ఒక చీకటి భాగం ఉంది, అక్కడ ఉన్నది ఇంకా అంటుకోని ఆవిరి. అడుగున సన్నటి నీలం అంచు. మిగతాదంతా పసుపు. మీరు కూడా ఈ రోజు చూడండి. ఇన్నాళ్లూ చూసిన దీపంలోనే ఇవన్నీ ఉన్నాయి.

గూట్లో దీపం

‘‘ఇక చెప్పు. దీపం ఎందుకు?’’ అంది చిన్ని.

అమ్మమ్మ ప్రమిద తీసుకుని పెరటి గుమ్మం దగ్గరికి నడిచింది. గుమ్మం పక్కన గోడలో గూడు ఉంది. పొలాల వైపు తెరుచుకున్న గూడు. దానిలోపల పైభాగమంతా మసిబారి ఉంది. దీపాన్ని అందులో పెట్టి కుంకుమ బొట్టు పెట్టింది, చేతులు జోడించింది. తర్వాత గడప మీద కూచుంది.

‘‘నేను నీ అంత ఉన్నప్పుడు మా ఇంట్లో కరెంటు లేదు. మా నాన్నకి రాత్రిపూట నీళ్ల వంతు వచ్చేది. అంటే, కాలవ నీళ్లు ఈ గంట నీ పొలానికి, ఆ గంట వాళ్ల పొలానికి అని పంచుకుంటారు. మన వంతు రాత్రి పదకొండింటికి వస్తే రాత్రి పదకొండింటికే వెళ్లి గండి కొట్టి నీళ్లు పెట్టుకోవాలి. నీళ్లు పెట్టి వచ్చేసరికి అర్ధరాత్రి దాటేది. అమావాస్య రోజుల్లో గట్టు ఏదో, బోదె ఏదో తెలియదు. వానాకాలం అయితే పాములు. మా అమ్మ సందెవేళ ఈ గూట్లో దీపం పెట్టి, పడుకోబోయే ముందు మళ్లీ నూనె పోసేది. నాన్న దాన్ని చూసుకుంటూ వచ్చేవాడు.’’

‘‘దీపం వెలుగులో నడుచుకుంటూనా?’’

‘‘కాదే. దీపం వెలుగు గుమ్మం మెట్టు దాటి పోదు. నాన్న దీపాన్ని చూసేవాడు. అది ఎడమ పక్కకి పోయిందంటే తను కుడికి తప్పాడని తెలిసేది.’’

చిన్ని గూట్లోకి చూసింది. అంత చిన్న మంట. తన బొటనవేలంత కూడా లేదు.

‘‘ఇది అంత దూరం ఎలా కనపడుతుంది?’’

‘‘నమ్మకపోతే వెళ్లి చూడు. మామయ్యని తీసుకెళ్లు.’’

పద్నాలుగు స్తంభాలు

అమ్మమ్మ పెరటి వైపు లైట్లన్నీ తీసేసింది. బయలుదేరేముందు చిన్ని తెలుగు వాచకం తెచ్చి దీపం పక్కన పెట్టి చదివి చూసింది. అడుగు దూరంలో అక్షరాలు బాగానే కనిపించాయి. రెండడుగుల దూరంలో కళ్లు చికిలించాల్సి వచ్చింది. నాలుగడుగుల దూరంలో పేజీలో ఏదో రాసి ఉందని మాత్రం తెలిసింది.

‘‘అడుగు దూరంలో ఒక పుస్తకం మీద పడే వెలుగు, రెండడుగుల దూరంలో నాలుగు పుస్తకాలంత మేర పరుచుకుంటుంది’’ అన్నాడు మామయ్య. ‘‘వెలుగు అంతే, పంచుకునే చోటు పెరిగింది. నాలుగడుగులకి పదహారు పుస్తకాలు.’’

‘‘అయితే పొలం దాకా వెళ్లేసరికి ఏమీ మిగలదు’’ అంది చిన్ని గట్టిగా.

కాలవ గట్టు ఇంటి వెనక నుంచి తిన్నగా పోతుంది. గట్టు వెంబడి కరెంటు స్తంభాలున్నాయి. వాటికి దీపాలు లేవు, తీగలు మాత్రమే. మామయ్య మొదటి రెండు స్తంభాల మధ్య అడుగులు లెక్కపెట్టాడు. డెబ్భై వచ్చాయి. ఆయన అడుగు కొలత ఆయనకి తెలుసు, కాబట్టి ఒక స్తంభానికీ ఇంకో స్తంభానికీ మధ్య దాదాపు యాభై మీటర్లు.

మొదట్లో చిన్నికి కాళ్ల కింద ఏముందో కూడా కనిపించలేదు. ‘‘ఫోన్ లైటు వెయ్యి మామయ్యా’’ అంది.

‘‘వెయ్యను. ట్యూబులైటు కింద నుంచి వచ్చాం. కళ్లు చీకటికి అలవాటు పడాలంటే ఇరవై నిమిషాలకి పైనే పడుతుంది. మధ్యలో ఒక్కసారి ఫోన్ లైటు చూశావంటే మళ్లీ మొదటికొస్తుంది. నా చెయ్యి పట్టుకుని నడువు.’’

నిదానంగా నడిచారు. మూడో స్తంభం దగ్గర ఆగి వెనక్కి చూస్తే దీపం చక్కగా కనిపించింది, మంట అటూ ఇటూ కదలడం కూడా తెలిసింది. ఐదో స్తంభం దగ్గర మంట ఆకారం పోయి చుక్క అయింది. ఎనిమిదో స్తంభం దగ్గరికి వచ్చేసరికి చిన్నికి గట్టు కనిపించసాగింది. గడ్డి, నీళ్లు, మినుము చేను, అన్నీ బూడిదరంగులో. ఆకాశంలో ఇందాక లేని నక్షత్రాలు వచ్చాయి.

‘‘అవి ఇందాక కూడా ఉన్నాయి’’ అన్నాడు మామయ్య.

పదో స్తంభం. దీపం ఉంది. పన్నెండో స్తంభం. ఉంది. ఇప్పుడు అది దూరంగా ఉన్న ఒక పసుపు నక్షత్రంలా ఉంది, కానీ నేలకి దగ్గరగా. పద్నాలుగో స్తంభం దాటి నాలుగడుగులు వేయగానే మాయమైంది.

‘‘అయిపోయింది! ఇంతే దూరం!’’

‘‘నాలుగడుగులు వెనక్కి రా.’’

వెనక్కి వస్తే దీపం మళ్లీ వచ్చింది. చిన్ని ముందుకీ వెనక్కీ రెండు మూడుసార్లు నడిచింది. అప్పుడు తెలిసింది. పద్నాలుగో స్తంభం దగ్గర కాలవ వంపు తిరుగుతుంది, పక్కన అరటి తోట మొదలవుతుంది. దీపానికి అడ్డమొచ్చింది ఆ తోట. దీపం శక్తి అక్కడితో అయిపోలేదు.

‘‘పద్నాలుగు యాభైలు ఎంత?’’

‘‘ఏడు వందలు. ఏడు వందల మీటర్లు!’’

‘‘నాలుగడుగుల్లో పుస్తకం చదవనివ్వని దీపం, ఏడు వందల మీటర్ల నుంచి కనపడింది. ఎందుకంటావ్?’’

చిన్ని ఆలోచించింది. మామయ్య తొందరపెట్టలేదు. ఇద్దరూ గట్టు మీద కూచున్నారు.

‘‘పుస్తకం చదవాలంటే దీపం వెలుగు పేజీ అంతా పడాలి. అక్కణ్నుంచి మళ్లీ నా కంట్లోకి రావాలి’’ అంది చివరికి. ‘‘దీపాన్నే చూస్తే తిన్నగా వచ్చేస్తుంది.’’

‘‘అంతే. చుట్టూ చీకటి ఉంటే, చీకటికి అలవాటు పడిన కంటికి ఆ కొంచెం వెలుగు చాలు.’’

పిల్లలూ, మామయ్య చెప్పని సంగతి ఒకటి నేను చెప్తాను. అమెరికాలో ఇద్దరు ఖగోళ పరిశీలకులు 2015లో ఒక కొవ్వొత్తి మంటను నక్షత్రంతో పోల్చి కొలిచారు. నిండు చీకట్లో, అడ్డం లేకుండా ఉంటే, మామూలు కంటికి ఆ మంట సుమారు రెండున్నర కిలోమీటర్ల దూరం దాకా కనపడుతుందని తేల్చారు. చిన్ని లెక్కలో చెప్పాలంటే యాభై స్తంభాలు. అయితే పొగమంచు ఉన్నా, పక్కన వీధిదీపం ఉన్నా, నిండు వెన్నెల ఉన్నా ఈ లెక్క పనికిరాదు. కార్తీక మాసంలో శివాలయాల్లో ఆకాశదీపాన్ని ధ్వజస్తంభం పైకి లాగి కడతారు, చూసే ఉంటారు. మామూలు దీపమే అది, నేల మీద పెడితే చెట్లూ గోడలూ అడ్డం వస్తాయి. ఎత్తు మీదికి వెళ్లేసరికి ఊరి బయట ఉన్న వాళ్లకి కూడా కనిపిస్తుంది. అరటి తోట దగ్గర చిన్నికి ఎదురైన చిక్కు అక్కడ ఉండదు.

నాన్న వచ్చిన రోజు

ఇంటికొచ్చేసరికి అమ్మమ్మ గడప మీదే ఉంది.

‘‘ఏడు వందల మీటర్లు అమ్మమ్మా! అరటి తోట లేకపోతే ఇంకా కనపడేది.’’

‘‘మా నాన్న పొలం ఆ తోట అవతలే. తోట అప్పుడు లేదులే.’’

చిన్ని ఆమె పక్కన కూచుంది. ‘‘కానీ ఇప్పుడు తాతయ్య రాత్రి పొలం వెళ్లడు. వెళ్లినా టార్చి ఉంది, ఫోనుంది. ఇప్పుడెందుకు పెడుతున్నావు?’’

రెండో ఎందుకు ఇదే. అమ్మమ్మ కాసేపు మాట్లాడలేదు.

‘‘నీకు ఉప్పెన సంగతి తెలుసా?’’

‘‘పెద్ద తుఫాను. అమ్మ చెప్పింది.’’

‘‘1977 నవంబరు 19. కార్తీక మాసమే. నాకు తొమ్మిదేళ్లు. పెద్ద గాలి, దాని వెంట సముద్రం మన దివిసీమ మీదికి వచ్చేసింది. ఊళ్లకి ఊళ్లు నీళ్లలో మునిగాయి. వేలమంది పోయారు. ఈ చుట్టుపక్కల ఎవరినడిగినా తమ ఇంట్లో ఒకరో ఇద్దరో పేరు చెప్తారు. ఆ పొద్దున నాన్న గేదెల్ని తోలుకురావడానికి వెళ్లాడు. తిరిగి రాలేదు. అమ్మా, నేనూ, తమ్ముడూ బడి డాబా మీదికి ఎక్కి బతికాం. ఇల్లు పోయింది. అప్పటి గూడు ఉన్న గోడ కూడా పోయింది. ఇది తర్వాత కట్టించుకున్న గోడ.’’

చిన్ని అమ్మమ్మ చెయ్యి పట్టుకుంది.

‘‘మర్నాడు సాయంత్రం అమ్మ ఎవరినో అడిగి కాస్త నూనె తెచ్చింది. ప్రమిద లేదు. కొబ్బరి చిప్పలో పోసింది. తన చీర చెంగు చింపి వత్తి చేసింది. అగ్గిపెట్టెలన్నీ తడిసిపోయాయి, పక్కవాళ్ల పొయ్యి నిప్పుతో అంటించింది. తడి గుడ్డ కదా, ఒకటే చిటపట. బడి మెట్ల మీద పెట్టి, గాలికి ఆరకుండా చెయ్యి అడ్డం పెట్టుకుని కూచుంది. రెండో రోజు కూడా అలాగే.’’

‘‘ఆ దీపం చూసి తాతమ్మ వాళ్లాయన వచ్చేశాడా?’’

‘‘మూడో రోజు మధ్యాహ్నం వచ్చాడు. ఎవరో తాటి చెట్టు పట్టుకుని వేలాడుతున్నవాణ్ని దించారట. ఒళ్లంతా గీరుకుపోయి ఉంది. పట్టపగలు వచ్చాడు. దీపం చూసి రాలేదు.’’

చిన్నికి నిరాశగా అనిపించింది. ఆమె దాచుకోలేదు. ‘‘అయితే దీపం పనికి రాలేదుగా!’’

‘‘నాన్నకి పనికి రాలేదు’’ అంది అమ్మమ్మ. ‘‘నాకూ తమ్ముడికీ పనికొచ్చింది. అమ్మ మాతో ఒక్క మాట మాట్లాడలేదు ఆ రెండు రోజులూ. ఏడవలేదు కూడా. నాన్న ఉన్నాడో లేడో మాకు తెలియదు, అడగాలంటే భయం. కానీ సందెవేళ అయ్యేసరికి అమ్మ నూనె కోసం లేచి వెళ్తుంటే, నాన్న వస్తాడనే అమ్మ అనుకుంటోందని మాకు తెలిసేది. అప్పుడు తమ్ముడు పడుకునేవాడు. నేనూ పడుకునేదాన్ని.’’

గూట్లో దీపం కాస్త చిన్నబోయింది. అమ్మమ్మ లేచి ఒక చెంచా నూనె పోసి, పుల్లతో వత్తి ఎగదోసి వచ్చి కూచుంది.

‘‘దేవుడికి దణ్ణం పెట్టుకుంటా. అది ఒకటి. రెండోది, దీపం పెట్టగానే ఇంట్లో వాళ్లని లెక్కపెట్టుకుంటా. తాతయ్య వంటింట్లో ఉన్నాడు. మామయ్య బడి నుంచి వచ్చేశాడు. నువ్వు ఇక్కడున్నావు. మీ అమ్మ హైదరాబాద్‌లో డ్యూటీలో ఉంది, ఎనిమిదింటికి దిగుతుంది. ఇంకా ఇల్లు చేరాల్సిన వాళ్లెవరో అప్పుడు నాకు గుర్తొస్తుంది. లైటు స్విచ్ వేసేటప్పుడు గుర్తు రాదే. అది వేసి వెళ్లిపోతాం. దీపం దగ్గరైతే కాసేపు కూచోవాలి, వత్తి చూడాలి, నూనె చూడాలి. ఆ కాసేపట్లో ఒక్కొక్కళ్లూ గుర్తొస్తారు.’’

ఎనిమిదీ పదికి చిన్ని ఫోను తీసుకుని వాళ్లమ్మకి చేసింది. డ్యూటీ దిగావా, బస్టాపుకి వచ్చావా, ఫ్లాటుకి ఎన్నింటికి వెళ్తావు అని వరసగా అడిగింది. రోజూ వాళ్లమ్మే తనని అడిగే ప్రశ్నలు అవి.

మర్నాడు మధ్యాహ్నం చిన్ని పత్తి చెట్టు కింద కూచుని వత్తులు చేసింది. కొన్ని గట్టిగా వచ్చాయి, కొన్ని లావుగా వచ్చాయి, ఎక్కువ మాత్రం సరిగ్గానే వచ్చాయి. వాటిని పాత బిస్కెట్ డబ్బాలో పెట్టి, తడి తగలకుండా మూత బిగించింది.

‘‘ఇవి హైదరాబాద్ తీసుకెళ్తాను. మా ఫ్లాటు నాలుగో అంతస్తు కదా అమ్మమ్మా, వంటింటి కిటికీ నుంచి బస్టాపు కనపడుతుంది. అక్కడ పెడతాను.’’

‘‘వంటింటి కిటికీ పక్కన గ్యాసు పొయ్యి ఉందిగా. అక్కడొద్దు.’’

‘‘అయితే హాలు కిటికీ. అక్కణ్నుంచి సగం బస్టాపే కనపడుతుంది.’’

‘‘సగం చాలు. ముందు అక్కడున్న కర్టెన్ తీయించు. ప్రమిద కింద పళ్లెం పెట్టు. అమ్మ వచ్చేదాకా నువ్వొక్కదానివే వెలిగించొద్దు. నాన్న ఇంట్లో ఉన్నప్పుడు, ఆయన పక్కన నిలబడి ఉండగా వెలిగించు.’’

‘‘మరి వీధిలో లైట్లుంటాయి. అమ్మకి దీపం కనపడదేమో.’’

‘‘కనపడకపోవచ్చు’’ అంది అమ్మమ్మ, డబ్బా మూత ఇంకోసారి బిగిస్తూ. ‘‘పెడుతున్నావని అమ్మకి ఫోన్‌లో చెప్పు.’’